గంతే తియ్ సిస్టర్: ఒక నర్సింగ్ రికార్డులో ఇరవై నిమిషాలు

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులకు మానసిక వైద్య విభాగంలో డ్యూటీ పడినప్పుడు మిగతా వార్డుల్లో లేని పని ఒకటి నెత్తిన పడుతుంది. ఇక్కడ కట్టు కట్టి చూపించక్కర్లేదు, సెలైన్ ఎక్కించి చూపించక్కర్లేదు. ఒక పేషెంటు పక్కన కూర్చుని కాసేపు మాట్లాడాలి. ఆ తర్వాత ఆ మాటలను వరస తప్పకుండా కాగితం మీద పెట్టి, తాను అన్న ప్రతి మాటా పనిచేసిందో లేదో తానే తేల్చుకోవాలి. దీన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది గాని, సూది వేయడానికి జంకని పిల్లలు కూడా దీని దగ్గర తడబడతారు.

కాగితాన్ని నిలువు గడులుగా గీస్తారు. ఒక గడిలో పేషెంటు అన్నది, చేసింది. ఇంకో గడిలో నర్సు అన్నది. మూడో గడిలో ఆ క్షణాన నర్సు మనసులో మెదిలింది. నాలుగో గడిలో వాడిన పద్ధతి పేరు, అది సాయపడిందో అడ్డుపడిందో. చాలా కాలేజీల్లో ఐదో గడి కూడా ఉంటుంది: అక్కడ ఇంకేమని ఉంటే బాగుండేది? పేషెంటు ఎదుట పుస్తకం తెరిచి రాసుకోకూడదు. లేచి వచ్చిన వెంటనే, మాటలు మనసులో పచ్చిగా ఉండగానే రాయాలి. సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళి రాద్దామనుకుంటే అన్న మాటలు పోయి, అనాల్సిన మాటలు వచ్చి చేరతాయి.

ఈ ఆలోచనకు మూలం అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్. నర్సు, రోగి మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని ఆమె ఒక పుస్తకం రాశారు. 1948 నాటికే అది సిద్ధమైనా, సహరచయితగా ఒక డాక్టరు పేరు లేకుండా నర్సు రాసిన పుస్తకం వేయడమేమిటన్న సంకోచంతో అచ్చు కావడానికి 1952 దాకా ఆగింది. 1961లో ఐడా జీన్ ఓర్లాండో మరో మెలిక చేర్చారు. పేషెంటును చూసి నర్సుకు ఏదో అనిపిస్తుంది. అలా అనిపించినంత మాత్రాన అది నిజం కాదు, పేషెంటునే అడిగి సరిచూసుకోవాలి అన్నారామె. మూడో గడి దేనికో తెలియాలంటే ఈ ఒక్క మాట చాలు.

ఇక ఒక నమూనా రికార్డు తెరుద్దాం. ఇది ఏ ఒక్క మనిషిదీ కాదు. ఇలాంటి రికార్డుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే మాటలతో అల్లినది. పేషెంటును రాజవ్వ అనుకుందాం. అసలు రికార్డులో కూడా నిజం పేరు రాయరు. వయసు 49. నిజామాబాద్ వైపు పల్లె, బీడీలు చుట్టే పని. డిప్రెషన్ అని తేల్చి ఆసుపత్రిలో చేర్చుకుని ఆరు రోజులైంది. మందులు మొదలుపెట్టారు గాని, ఆ మందుల గుణం బాగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. తోడుగా చెల్లెలు ఉంది. విద్యార్థిని వయసు ఇరవై, ఊరు కోస్తా వైపు. ఇది వాళ్ళ రెండో కలయిక. ఆ రోజు ఆమె పెట్టుకున్న లక్ష్యాలు రెండే: నిద్ర సంగతి తెలుసుకోవడం, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయేమో కనుక్కోవడం.

విద్యార్థిని స్టూలు లాక్కుని మంచానికి ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా కూర్చుంది. ముఖంలో ముఖం పెట్టి చూస్తుంటే ఎవరికైనా బోనులో నిలబడ్డట్టు ఉంటుంది. ఇలా కూర్చుంటే రాజవ్వ కావాలంటే ఆమె వైపు చూడొచ్చు, వద్దనుకుంటే కిటికీ వైపు చూడొచ్చు.

“నమస్తే అమ్మా. నిన్న వచ్చిన నర్సింగ్ విద్యార్థినిని. ఒక ఇరవై నిమిషాలు మీ దగ్గర కూర్చుంటాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే ఊరికే కూర్చుందాం.”

రాజవ్వ కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. జవాబు చెల్లెలి నుంచి వచ్చింది. “రాత్రంత పండుకోలే సిస్టర్. తిండి గూడ తింటలేదు.”

పాఠ్యపుస్తకాల నమూనాల్లో సాధారణంగా ఇద్దరే మనుషులు ఉంటారు. మన వార్డుల్లో మంచం పక్కన మూడో మనిషి ఉంటుంది, చాలాసార్లు ముందు మాట్లాడేది ఆమే. ఆమెను కసిరి పంపలేం. రాత్రీ పగలూ కాచుకుని ఉన్నది ఆమే. “మీరు చూసింది కూడా నాకు కావాలి, తర్వాత మీతో మాట్లాడతాను. ఈలోగా చాయ్ తాగి రండి” అంది విద్యార్థిని. చెల్లెలు వెళ్ళింది. రాజవ్వ తొలిసారి తల తిప్పి చూసింది. రికార్డులో ఈ తల తిప్పడం కూడా పేషెంటు గడిలోకే ఎక్కాలి, ఎందుకంటే అదే ఆమె మొదటి జవాబు.

“ఎలా ఉన్నారమ్మా?”

“మంచిగనే ఉన్న.”

“కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టలేదా?”

“లేదు.”

మాట అక్కడ ఆగింది. విశ్లేషణ గడిలో విద్యార్థిని ఇలా రాసుకుంది: కంటికి కనబడింది చెప్పడం మంచిదే, ‘మీ బాధ నా దృష్టికి వచ్చింది’ అని తెలుస్తుంది. కానీ దాని వెనకే అవును, కాదుల ప్రశ్న తగిలించడంతో తలుపు తీసి మళ్ళీ మూసినట్టయింది. ఐదో గడిలో మార్పు చిన్నదే. “రాత్రి ఎలా గడిచింది?” అని ఉంటే ‘లేదు’ అన్న ఒక్క ముక్కతో తప్పించుకోవడం కుదరదు. ఆమె మరుసటి మాటగా అదే అడిగింది కూడా.

“మూడింటికే మెలకువొస్తది. అందరు పండుకోని ఉంటరు. గోడ దిక్కు చూసుకుంట కూసుంట. ఏదేదో యాదికొస్తది.”

“ఏదేదో యాదికొస్తది...”

ఇక్కడ విద్యార్థిని చేసింది కొత్తదేమీ కాదు. పేషెంటు చివరి మాటనే మెల్లగా అందించి వదిలేసింది. మాటను తిరిగి అందించడం, మౌనంగా ఉండడం, అస్పష్టంగా ఉన్నది విడమర్చి అడగడం, ఇలా పద్ధతుల చిట్టా ఒకటి నర్సింగ్ పుస్తకాల్లో ఉంటుంది. 1963లో హేస్, లార్సన్ అనే ఇద్దరు రాసిన పుస్తకంలోని చిట్టానే కొద్ది మార్పులతో ఇప్పటికీ పాఠాల్లో నడుస్తోంది.

అయితే తెలుగులో మాట తిరిగి అందించడానికి చెవి కూడా కావాలి. ‘ఏవేవో గుర్తొస్తాయట’ అని ఉంటే? ఆ ‘ట’ ఒక్కటి చాలు. ‘నువ్వంటున్నావులే, నాకు నమ్మకం లేదు’ అన్న వెటకారం అందులో నుంచి తొంగి చూస్తుంది. చెవిలో గొంతులు వినబడే పేషెంటు దగ్గరైతే ఇది మరీ ప్రమాదం. ‘గొంతులు వినిపిస్తాయట కదా’ అంటే ఎగతాళి అవుతుంది. ‘అవును, నాకూ వినబడుతోంది’ అంటే అబద్ధమవుతుంది. ‘నాకు వినబడడం లేదు, మీకు మాత్రం వినబడుతోంది, దానితో భయంగా ఉన్నట్టుంది’ అంటే ఆ రెండూ కాకుండా నిజం మిగులుతుంది.

రాజవ్వ దగ్గరికి వద్దాం. మాట అందించాక ఆమె ఏమీ అనలేదు. అర నిమిషం దాటింది. మూడో గడిలో విద్యార్థిని రాసింది: ‘గుండె కొట్టుకుంటోంది. తప్పుగా అన్నానేమో అనిపించింది. వేరే ప్రశ్న అడగబోయి ఆగాను.’ డిప్రెషన్‌లో ఆలోచనే నెమ్మదిస్తుంది, మాట బయటికి రావడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ ఎడం నిండా మనం ప్రశ్నలు కుక్కితే, రాబోయే మాట గొంతులోనే ఉండిపోతుంది. ఆమె ఆగింది కాబట్టే తర్వాతి మాట వచ్చింది.

“చేతులు సాగుతలేవు బిడ్డా. దినానికి వెయ్యి బీడీలు చేసినదాన్ని. ఇప్పుడు ఆకు కత్తిరిద్దామన్నా చేతులు వస్తలేవు. ఇంట్ల కూసోని తింటున్న.”

సిస్టర్ కాస్తా బిడ్డ అయింది. వాళ్ళ మధ్య ఎడం తగ్గిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సరిగ్గా ఇక్కడే విద్యార్థిని జారింది.

“అయ్యో, అలా అనుకోకండమ్మా. అన్నీ సర్దుకుంటాయి. మీ పిల్లలు మిమ్మల్ని ఎంత బాగా చూసుకుంటున్నారు!”

“ఆ... గంతే తియ్ సిస్టర్.”

రాజవ్వ మళ్ళీ గోడ వైపు తిరిగింది. బిడ్డ తిరిగి సిస్టర్ అయింది.

ఈ రికార్డు మొత్తానికి ఆయువుపట్టు ఈ రెండు వాక్యాలు. విద్యార్థిని అన్నదాంట్లో చెడ్డ మాట ఒక్కటీ లేదు. పరామర్శకు వెళ్ళిన చోట మనమందరం అనేది అదే. దీన్ని పుస్తకాల్లో ఉత్తుత్తి భరోసా అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. సర్దుకుంటుందని చెప్పడానికి ఆమె దగ్గర ఆధారం లేదన్నది ఒక లోపం. అంతకంటే పెద్దది ఇంకోటుంది. రాజవ్వ చెప్పింది పిల్లల గురించి కాదు, తన చేతుల గురించి. వెయ్యి బీడీల లెక్కతో ఇల్లు నడిపిన మనిషి, ఇప్పుడు తిండికి చేటు అయిపోయానంటోంది. దానికి ‘పిల్లలు బాగా చూసుకుంటున్నారు’ అన్న జవాబు, ‘అవును, నువ్వు ఊరికే కూర్చుని తింటున్నావు, వాళ్ళు పెడుతున్నారు’ అన్నట్టే చేరింది.

మరి ఆ మాట ఎందుకొచ్చింది? దానికి జవాబు మూడో గడిలో ఉంది. ‘మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా ఇలాగే అంటుంది. ఇంకా వినాలంటే భయమేసింది.’ ఓదార్పు కావలసింది పేషెంటుకు కాదు, విద్యార్థినికి. ఈ గడిని నిజాయితీగా నింపకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాటను నాలుగో గడిలో ‘ధైర్యం చెప్పడం’ అని రాసుకుని, సాయపడిందని టిక్కు పెట్టుకుని ఉండేది.

ఐదో గడిలో ఆమె తర్వాత రాసుకున్న మాట ఇది: “వెయ్యి బీడీలు చుట్టిన చేతులు ఇప్పుడు సాగకపోతే, ఇంట్లో మీ విలువే పోయినట్టు ఉందా?” ఇందులో సలహా లేదు, ఓదార్పు లేదు. పేషెంటు మాట అడుగున ఉన్న బాధను పైకి తీసి, ‘ఇదేనా?’ అని ఆమెకే చూపించడం ఉంది. కాకపోతే కాదని చెప్పే వీలూ ఉంది. ఓర్లాండో అడిగి సరిచూసుకోమన్నది ఇలాంటి చోటే.

జారిన మాటను వెనక్కి తీసుకోలేకపోయినా దారి మళ్ళించవచ్చు. కాసేపు ఆగి విద్యార్థిని అంది: “మీరు చెబుతుంటే నేను మధ్యలో ఆపేశానమ్మా. చేతులు సాగడం లేదన్నారు. అది చెప్పండి, వింటాను.”

“ఏం జెప్పాలె... నేను లేకుంటె వాళ్ళకే నయ్యం.”

ఈ వాక్యం రికార్డులోకి ఎలా వెళ్తుందన్నది ఇంకో సంగతి. మన కాలేజీల్లో ఈ అసైన్‌మెంట్లు ఇంగ్లీషులో రాస్తారు, మాటలు నడిచింది తెలుగులో. విద్యార్థులు చాలామంది ఇక్కడ ‘పేషెంట్ ఎక్స్‌ప్రెస్డ్ హోప్‌లెస్‌నెస్’ అని ఒక ముక్క రాసి దాటేస్తారు. అది పేషెంటు అన్న మాట కాదు, మాటకు వేసిన ముద్ర. ‘వాళ్ళకే నయ్యం’ అన్నదాంట్లో నిరాశ ఒక్కటే లేదు. నేను భారమన్న లెక్క ఉంది, నేను పోతే వాళ్ళకు మేలన్న తర్కం ఉంది. ప్రాణానికి ప్రమాదముందని గుర్తించడానికి పనికొచ్చేది ఆ తర్కమే. అందుకే నేర్పు ఉన్న టీచర్లు పేషెంటు మాటను అదే యాసలో, అన్నది అన్నట్టు రాసి, కింద అర్థం ఇవ్వమంటారు. పడ్తలేదు అంటే పడ్తలేదనే రాయాలి.

విద్యార్థిని గొంతు తడారిపోయిందని మూడో గడి చెబుతోంది. అయినా అడిగింది.

“లేకుంటే నయం అంటున్నారు. అంటే, చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?”

డొంకతిరుగుడు లేకుండా ఇలా అడగడానికి కొత్తవాళ్ళు వణికిపోతారు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆలోచన ఉన్న మనిషికి, ఆ మాట పైకి అనగలిగే మనిషి ఒకరు దొరికారన్న ఊరటే ఎక్కువ. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడిగితే మాత్రం ‘లేవు’ అనే జవాబును మనమే అందించినట్టు. ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంది. ‘ఎందుకలా అనిపిస్తోంది?’ అన్నా పనికిరాదు. తెలుగులో ‘ఎందుకు’ అన్నది చాలాసార్లు సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. ‘ఎప్పుడు అనిపిస్తుంది’, ‘అప్పుడు ఏం చేస్తారు’ అంటే మనిషి చెప్పగలుగుతుంది.

రాజవ్వ ఏడ్చింది. విద్యార్థిని నీళ్ళ సీసా దగ్గరగా జరిపి, ఏమీ అనకుండా కూర్చుంది.

“అనిపిస్తది. తెల్లారగట్ల అయితే మస్తు అనిపిస్తది. ఇంట్ల ఉన్నప్పుడు ఏం జెయ్యాల్నో గూడ అనుకున్న. ఇక్కడ అంత లేదు. బిడ్డా, ఈ మాట ఎవ్వల్తోని చెప్పకు. మా చెల్లెకు అసలే చెప్పకు.”

రికార్డులో అతి కష్టమైన మలుపు ఇదే. నమ్మి చెప్పింది, దాచమంటోంది. ‘సరే, చెప్పను’ అంటే బంధం నిలిచినట్టుంటుంది గాని ప్రాణం ప్రమాదంలో పడుతుంది. ఏమీ అనకుండా తలూపి, బయటికొచ్చి డాక్టరుకు చెబితే ప్రాణం నిలవొచ్చు గాని, మర్నాడు ఆ మంచం దగ్గర మళ్ళీ మాట పుట్టదు. నిజానికి ఈ సంగతి తొలి కలయికలోనే చెప్పి ఉండాలి: మీరు చెప్పింది బయటికి పోదు, కానీ మీ ప్రాణానికి సంబంధించిందైతే డాక్టరుకు చెప్పక తప్పదు అని. నిన్న తాను ఆ మాట మరిచిపోయానని విద్యార్థిని రాసుకుంది. ఇప్పుడు ఇలా అంది:

“ఈ ఒక్కటి దాచలేనమ్మా. మీ ప్రాణం సంగతి కాబట్టి డ్యూటీ సిస్టర్‌కీ డాక్టర్ గారికీ చెప్పాలి. వార్డులో వేరే ఎవరికీ చెప్పను. చెల్లెలికి ఏం చెప్పాలో డాక్టర్ గారూ మీరూ మాట్లాడుకుందురు గాని. సిస్టర్‌ను ఇక్కడికే పిలుస్తాను, మీ ముందే చెబుతాను. సరేనా?”

చాలాసేపు మౌనం. కొంగు వేలి నుంచి విడిచింది.

“చెప్పు మరి.”

ఆ తర్వాత జరిగింది మాటల పద్ధతి కాదు, వార్డు పద్ధతి. విద్యార్థిని మంచం వదలకుండా డ్యూటీ నర్సును పిలిచింది. డాక్టరు వచ్చి మళ్ళీ పరీక్షించారు. మంచాన్ని నర్సుల బల్లకు దగ్గరగా మార్చారు. చుట్టుపక్కల ప్రమాదకరమైన వస్తువులేమైనా ఉన్నాయేమో చూశారు. మూడింటికి మెలకువ వస్తుందన్న మాట రాత్రి డ్యూటీవాళ్ళకు అప్పగింతల్లో చెప్పారు. మందులు మొదలైన తొలి వారాల్లో, మనసు తేలికపడక ముందే ఒంట్లో కాస్త ఓపిక రావచ్చు. అందుకే ఆ రోజుల్లో కాపలా మరింత గట్టిగా ఉంటుంది. ఇంటి దగ్గర ఇలాంటి మాట విన్నవాళ్ళకు నర్సుల బల్ల ఉండదు; మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయడం వాళ్ళు చేయగలిగిన పనులు.

రికార్డులు దిద్దే టీచర్లకు కల్పించి రాసింది ఇట్టే తెలిసిపోతుంది. అందులో పేషెంటు పూర్తి వాక్యాల్లో, వ్యాకరణం తప్పకుండా మాట్లాడుతుంది. మౌనం ఎక్కడా ఉండదు. పద్ధతులన్నీ పుస్తకంలోని వరసలోనే ఒక్కోసారి వచ్చి పోతాయి. నర్సు ఒక్క తప్పూ చేయదు. చివర్లో పేషెంటు ‘మీతో మాట్లాడాక తేలికపడ్డాను’ అంటుంది. నిజమైన రికార్డుకు అతుకులు కనబడతాయి. అయితే దానికీ హద్దుంది. ఎంత వెంటనే రాసినా జ్ఞాపకం కొంత మారుస్తుంది, గొంతులోని ఒరుపు కాగితం మీదికి పూర్తిగా రాదు. అందుకే నాలుగో గడిలో పద్ధతి పేరు సరిగ్గా రాశారా అన్నదానికంటే, ఆ మాట తర్వాత పేషెంటు ఏమన్నదో చూడమంటారు. ‘మాట అందించడం’ మంచి పద్ధతేనా అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు, కింది గడిలోని వెయ్యి బీడీల మాటలో దొరుకుతుంది. ‘అన్నీ సర్దుకుంటాయి’ అన్నదానికి తీర్పు ‘గంతే తియ్’లో ఉంది.

ఇరవై నిమిషాలు కావస్తున్నాయి. “నిద్ర మూడింటికే పోతోందని, చేతులు సాగక ఇంటికి భారమయ్యాననిపిస్తోందని, తెల్లవారుజామున చనిపోవాలనిపిస్తోందని చెప్పారు. నేను సరిగ్గానే విన్నానా?” అని విద్యార్థిని ముగింపుగా అడిగింది. రాజవ్వ తలూపింది. “రేపు పదిన్నరకు వస్తాను. ఈ వార్డులో మా డ్యూటీ ఇంకా రెండు వారాలుంది” అని కూడా చెప్పింది. ఎప్పటికీ వస్తుంటానన్న భ్రమ పెట్టి ఓ రోజు కనబడకుండా పోతే, నమ్మిన మనిషికి అది ఇంకో దెబ్బ. అందుకే వెళ్ళిపోయే రోజు ఎప్పుడన్నది ముందే తెలియాలి.

టీచరు ఆ కాగితంలో మార్కులు వేసేముందు ‘అన్నీ సర్దుకుంటాయి’ కింద ఎర్ర గీత గీసి, పక్కన మూడో గడిలోని ‘మా అమ్మ గుర్తొచ్చింది’ దాకా ఒక బాణం వేసింది. మూడో కలయిక రికార్డులో మొదటి గడి రాజవ్వ మాటతోనే మొదలైంది: “రాత్రి మూడింటికి లేస్తె, సిస్టరమ్మ వచ్చి పక్కన కూసున్నది బిడ్డా. నువ్వే చెప్పినవా?”